పాత కంపెనీ బాకీ, కొత్త సిమ్‌కు కోత

కొత్త కంపెనీలో ఏడాదికి సరిపడా రీచార్జ్ చేయించారు. గడువు ఇంకా పది నెలలు ఉంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నాయి, ఫోన్లు వస్తున్నాయి. కానీ మీరు ఎవరికి చేద్దామన్నా కాల్ వెళ్లదు. కొన్నాళ్లకు వచ్చే ఫోన్లూ ఆగిపోతాయి. కస్టమర్ కేర్‌ను అడిగితే, "మా దగ్గర మీకు బాకీ ఏమీ లేదండీ, మీ పాత కంపెనీలో ఉంది" అంటారు. ఎంత అని కనుక్కుంటే వంద రూపాయలకు అటూ ఇటూ.

ఇది కంప్యూటర్ పొరపాటు కాదు. మన దేశంలో మొబైల్ నంబర్ పోర్టబిలిటీ నిబంధనల్లోనే ఉన్న ఏర్పాటు. పోస్ట్‌పెయిడ్ నుంచి వేరే కంపెనీకి నంబరు మార్చుకున్న వాళ్లు, పాత కంపెనీ పంపిన చివరి బిల్లు కట్టకపోతే, నంబరు ఇప్పుడు ఏ కంపెనీలో ఉందో ఆ కంపెనీ చేతనే దాన్ని ఆపించే హక్కు పాత కంపెనీకి ఉంది. టెలికాం వాళ్ల భాషలో దీన్ని 'నాన్ పేమెంట్ డిస్‌కనెక్షన్' అంటారు, పొట్టిగా ఎన్‌పీడీ. షోరూముల్లో పనిచేసే వాళ్లకు రోజూ వినిపించే మాటే. నంబరు మార్చుకునే వాళ్లలో చాలామందికి మాత్రం ఫోన్ ఆగిపోయిన రోజు దాకా ఈ సంగతి తెలియదు.

బాకీ లేదన్నారు కదా, మళ్లీ ఎక్కడిది?

నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం దేశమంతటా 2011 జనవరి 20న మొదలైంది. ఇప్పటి పద్ధతి 2019 డిసెంబర్ 16 నుంచి నడుస్తోంది. ముందుగా PORT అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కు ఎస్సెమ్మెస్ పంపాలి. అర్హతలన్నీ ఉంటే ఎనిమిది అక్షరాలు, అంకెల కోడ్ ఒకటి వస్తుంది. దాన్నే యూపీసీ అంటారు. మన దగ్గర అది నాలుగు రోజులు పనిచేస్తుంది. ఆ కోడ్‌తో కొత్త కంపెనీ దగ్గరకు వెళ్లి దరఖాస్తు చేస్తే, ఒకే సర్కిల్ లోపల మూడు పని దినాల్లో మార్పు పూర్తవుతుంది. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒకే సర్కిల్ కాబట్టి విజయవాడ నంబరును హైదరాబాద్‌లో మార్చుకున్నా ఇదే గడువు.

యూపీసీ ఇచ్చే ముందు కొన్ని విషయాలు చూస్తారు. నంబరు ఆ కంపెనీలో కనీసం 90 రోజులు నడిచి ఉండాలి. పోస్ట్‌పెయిడ్ అయితే గడువు దాటిన బిల్లు బాకీ ఉండకూడదు. ఉంటే యూపీసీ ఇవ్వరు, కారణం ఎస్సెమ్మెస్‌లో చెబుతారు. అందుకే కోడ్ చేతికి రాగానే 'మన లెక్క తేలిపోయింది' అని మనసులో పడిపోతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

కోడ్ ఇచ్చేటప్పుడు చూసేది అప్పటికే వచ్చి, గడువు దాటిపోయిన బిల్లులను మాత్రమే. గడువు దాటని బిల్లు ఆ వడపోతకు చిక్కదు. చివరి బిల్లు వచ్చిన తర్వాతి రోజు నుంచి, నంబరు కొత్త కంపెనీకి మారిన రోజు దాకా వాడుకున్నదానికి అప్పటికింకా బిల్లే పుట్టలేదు. మీరు వెళ్లిపోయిన తర్వాత అది తయారవుతుంది. అదే ఫైనల్ బిల్లు. ఎన్‌పీడీ చిక్కుల్లో పడే చిన్న మొత్తాలు సాధారణంగా ఇక్కడివే.

తొంభై నాలుగు రూపాయల కథ

లెక్క స్పష్టంగా కనిపించాలంటే ఒక ఉదాహరణ చూద్దాం. మనుషులు, తేదీలు ఊహించినవే. చార్జీలు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ అంకెలు కూడా అర్థం కావడానికే.

తెనాలిలో ఉంటున్న ఒక రిటైర్డ్ మాస్టారికి నెలకు 399 రూపాయల పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ఉంది. 18 శాతం జీఎస్టీ కలిపితే బిల్లు 470 రూపాయల 82 పైసలు. మే నెల బిల్లు జూన్ 1న వచ్చింది. ఆయన 3వ తేదీన పైసలతో సహా కట్టేసి, అదే రోజు 1900కు మెసేజ్ పంపారు. కోడ్ వచ్చింది. అమెరికాలో ఉన్న కొడుకు కొత్త కంపెనీలో ఏడాది ప్రీపెయిడ్ రీచార్జ్ చేయించాడు. జూన్ 6న నంబరు మారింది. పాత సిమ్ తీసి పడేశారు.

పాత కంపెనీ లెక్కలో ఇంకా ఆరు రోజులు మిగిలాయి. జూన్ 1 నుంచి 6 దాకా అద్దె 79 రూపాయల 80 పైసలు, జీఎస్టీతో 94 రూపాయల 16 పైసలు. ఇలా రోజుల లెక్కన వేయకుండా పూర్తి నెల అద్దె వేసే ప్లాన్ అయితే మొత్తం ఇంకా ఎక్కువే. జూలై మొదట్లో ఈ బిల్లు ఈ-మెయిల్‌కు వెళ్లింది. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఆయన ఇచ్చినది బడి ఈ-మెయిల్. రిటైరయ్యాక దాన్ని తెరిచే పనే పడలేదు. పాత కంపెనీ యాప్ తెరిచి చూద్దామన్నా, ఆ నంబరు ఇప్పుడు వాళ్ల నెట్‌వర్క్‌లో లేదు కాబట్టి లాగిన్ కుదరలేదు.

గడువు దాటింది. ఆలస్య రుసుము వంద రూపాయలనుకుంటే దాని మీద జీఎస్టీ 18. ఇప్పుడు బాకీ 212 రూపాయల 16 పైసలు. పాత కంపెనీ ఎన్‌పీడీ కోరింది. ఈ కోరిక నేరుగా కొత్త కంపెనీకి వెళ్లదు. పోర్టింగ్ అంతా నడిపించే మధ్యవర్తి సంస్థ ద్వారా చేరుతుంది. కొత్త కంపెనీ తన కస్టమర్‌కు నోటీసు పంపాలి, కట్టడానికి కొంత వ్యవధి ఇవ్వాలి. మాస్టారికి నోటీసు ఎస్సెమ్మెస్‌గా వచ్చింది: మీ పాత ఆపరేటర్‌కు బాకీ ఉన్నారు, కట్టకపోతే సేవలు నిలిచిపోతాయి అని. ఆయన దాన్ని మోసగాళ్ల మెసేజ్ అనుకుని చెరిపేశారు. ఈ రోజుల్లో ఎవరైనా అదే చేస్తారు.

ఆగస్టులో బయటికి వెళ్లే కాల్స్ ఆగాయి. రీచార్జ్ అయిపోయిందేమోనని కొడుకు ఇంకో రీచార్జ్ చేశాడు. సిమ్ పాడైందేమోనని కొత్త సిమ్ తెప్పించారు. రెండూ పనిచేయలేదు. చివరికి షోరూమ్‌లో అమ్మాయి స్క్రీన్ చూసి, "సార్, మీ రీచార్జ్ బాగానే ఉంది, సిమ్ కూడా బాగానే ఉంది. పాత కంపెనీ నుంచి ఎన్‌పీడీ వచ్చింది. అక్కడ కట్టి రసీదు తీసుకు రండి" అని చెప్పింది. కట్టాక నంబరు తిరిగి తెరవడానికి రీకనెక్షన్ చార్జీ మరో వంద, దాని జీఎస్టీ 18 పడిందనుకోండి. 94 రూపాయల 16 పైసల బాకీ చివరికి 330 రూపాయల 16 పైసలైంది. అనవసరంగా చేసిన రీచార్జ్, ఫోన్ పనిచేయని రోజులు ఈ లెక్కలో లేనే లేవు.

ఈ నిబంధన ఎందుకు?

మామూలుగా బిల్లు కట్టకపోతే కంపెనీ తన నెట్‌వర్క్‌లో కనెక్షన్ ఆపేస్తుంది. నంబరు వేరే కంపెనీకి వెళ్లిపోతే పాత కంపెనీ చేతిలో ఆ మీట ఉండదు. వేల రూపాయలు వాడుకుని చివరి నెలలో నంబరుతో సహా వెళ్లిపోయే వాళ్లను ఆపడానికి ఎన్‌పీడీ పెట్టారు. ఆ మేరకు న్యాయమే. ఇబ్బంది అమలులో ఉంది. వేల బాకీకి, వంద బాకీకి ఒకే శిక్ష పడుతోంది. పైగా ఫైనల్ బిల్లు చేరాల్సిన మనిషికి చేరిందో లేదో చూసే జాగ్రత్త తక్కువ. నంబరు తమ నెట్‌వర్క్‌లో లేకపోయినా ఆ నంబరుకు ఎస్సెమ్మెస్ పంపడం పాత కంపెనీకి కష్టమేమీ కాదు. బిల్లు మొత్తం, కట్టే లింకు, గడువు తేదీ తెలుగులో ఒక మెసేజ్‌గా పంపినా ఇలాంటి గొడవలు బాగా తగ్గుతాయి.

నిజం నోటీసా, మోసమా?

"ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి" అనే రికార్డు కాల్స్ చాలామందికి వస్తున్నాయి. ఇవి మోసం. ట్రాయ్ ఎవరి నంబరూ ఆపదు, ఆపుతామని కాల్స్ చేయదు, మెసేజ్‌లు పంపదు. ఆ సంస్థే ఈ మాట పలుమార్లు ప్రకటించింది. బాకీ పడిన నంబరును ఆపేది టెలికాం కంపెనీయే.

తేడా పట్టుకోవడానికి నమ్మకమైన మార్గం ఒకటి ఉంది. వచ్చిన మెసేజ్‌లోని లింకు నొక్కవద్దు, అందులోని నంబరుకు ఫోన్ చేయవద్దు. ఇప్పుడున్న కంపెనీ షోరూముకు వెళ్లండి, లేదా మీ ఫోన్ నుంచి 198కు చేసి "నా నంబరు మీద ఎన్‌పీడీ ఏమైనా ఉందా?" అని అడగండి. మాట సూటిగా ఇలాగే అడగాలి. "ఫోన్ ఎందుకు పనిచేయడం లేదు?" అని అడిగితే రీచార్జ్ చూసి, సిగ్నల్ చూసి పంపించేస్తారు. ఉందంటే పాత కంపెనీని అడిగి మొత్తం ఎంతో కనుక్కోండి. అసలైన బాకీకి బిల్లు ఉంటుంది, అకౌంట్ నంబరు ఉంటుంది, అద్దె ఎన్ని రోజులకు వేశారో ఉంటుంది. అవి చూపించలేని వాడికి పైసా కట్టనవసరం లేదు.

మరో తేడా కూడా తెలిసి ఉండాలి. ఎన్‌పీడీలో కోత దశలవారీగా పడుతుంది. ముందు చేసే కాల్స్ పోతాయి, వచ్చేవి కొన్నాళ్లు వస్తుంటాయి. అలా కాకుండా ముందు ఏ సూచనా లేకుండా ఫోన్‌లో సిగ్నల్ మొత్తం పోయి, పక్కవాళ్ల ఫోన్లు బాగానే ఉంటే, ఎవరో మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నారేమోనని అనుమానించాలి. అప్పుడు మొదటి ఫోన్ బ్యాంకుకే చేయాలి. డబ్బు పోయిందని తేలితే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి.

ఆగిపోయాక ఏం చేయాలి?

మొదటి పని రీచార్జ్ కాదు, సిమ్ మార్పిడీ కాదు. పాత కంపెనీ బాకీ కట్టడమే. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. యూపీఐ యాప్‌లో మీ నంబరు కొట్టగానే అది నంబరు ఇప్పుడున్న కంపెనీని గుర్తుపట్టి ఆ కంపెనీ రీచార్జ్ ప్లాన్లు చూపిస్తుంది. అక్కడ కట్టిన డబ్బు పాత బాకీకి చేరదు. 'మొబైల్ పోస్ట్‌పెయిడ్' విభాగంలోకి వెళ్లి, కంపెనీ పేరు మీరే చేత్తో ఎంచుకోవాలి. అప్పుడు బాకీ మొత్తం తెర మీద కనిపిస్తే అదే కట్టాలి. కనిపించకపోతే పాత కంపెనీ షోరూమ్‌లో అకౌంట్ నంబరు చెప్పి కట్టడం మేలు. మొత్తాన్ని గుండ్రం చేయకండి. 94 రూపాయల 16 పైసలకు 94 కడితే 16 పైసలు లెక్కలో మిగిలే ఉంటాయి. అలాంటి చిల్లరను కంపెనీ వదిలేస్తుందన్న భరోసా లేదు.

కట్టిన రసీదు మీద లావాదేవీ నంబరు ఉందో లేదో చూసుకోండి. డబ్బు అందినట్టు పాత కంపెనీ పోర్టింగ్ వ్యవస్థ ద్వారా కొత్త కంపెనీకి తెలియజేస్తే గానీ నంబరు తెరుచుకోదు. ఆలస్యం సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. అందుకే రసీదు నకలు రెండు కంపెనీలకూ ఇచ్చి, రెండు చోట్లా ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకోవాలి. రీకనెక్షన్ చార్జీ అడిగితే అది ప్రకటించిన టారిఫ్‌లో ఎక్కడుందో చూపించమనండి. చూపిస్తే కట్టి రసీదు తీసుకోండి. చూపించలేకపోతే ఆ మాటే ఫిర్యాదులో రాయించండి.

బిల్లే తప్పని మీరు అనుకుంటే, ఫిర్యాదు విభాగం తర్వాత అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. దానికి ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూడడం వల్ల కాలమే పోతుంది. కంపెనీలో న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం గొడవలు ఆ కమిషన్ల పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. వంద రూపాయల కోసం వాదిస్తూ నంబరును మూసి ఉంచుకోవడం తెలివైన పని కాదు. ముందు 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసిచ్చి కట్టండి, నంబరు తెరిపించుకోండి, తర్వాత పోరాడండి.

ఎందుకంటే నంబరు అలా మూసి ఎల్లకాలం మీ పేరు మీద ఉండదు. గడువులోగా బాకీ తీరకపోతే కనెక్షన్ శాశ్వతంగా రద్దవుతుంది. నంబరు మొదట ఏ కంపెనీ సిరీస్‌లో పుట్టిందో ఆ కంపెనీకి తిరిగి వెళ్తుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల దాకా వేరొకరికి ఇవ్వరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత అది ఎవరి చేతికైనా వెళ్లవచ్చు. రద్దయిన నంబర్ల జాబితాను బ్యాంకులు, యూపీఐ సంస్థలు చూసుకుని తమ రికార్డుల నుంచి వాటిని తొలగించాలని 2025లో ఆదేశాలు కూడా వచ్చాయి. అంటే పింఛను ఖాతా, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగ్ అన్నీ ముడిపడిన నంబరు ఒక చిన్న బిల్లు వల్ల చేజారితే, వాటన్నిటికీ కొత్త నంబరు ఇచ్చుకుంటూ తిరగాల్సి వస్తుంది.

ముందే జాగ్రత్త పడాలంటే

నంబరు మార్చుకునే తేదీని బిల్లు తేదీని బట్టి ఎంచుకోండి. నెల బిల్లు వచ్చిన వెంటనే పూర్తిగా కట్టి, అప్పుడే 1900కు మెసేజ్ పంపితే మిగిలేది కొద్ది రోజుల అద్దే. నెల మధ్యలో వెళ్తే ఫైనల్ బిల్లు ఆ మేరకు పెరుగుతుంది.

వెళ్లే ముందు పాత కంపెనీ రికార్డులో మీ ఈ-మెయిల్ సరిచేయించండి. రెండో ఫోన్ నంబరు, వీలైతే ఇంట్లో వాళ్లది, చేర్పించండి. పాత బిల్లు ఒకటి ఫొటో తీసి దాచుకోండి. అందులోని అకౌంట్ నంబరే తర్వాత మీకు తాళం చెవి. యాప్ పనిచేయకపోయినా దానితో షోరూమ్‌లో లెక్క తీయించవచ్చు. ఆటోపే ఉంటే నంబరు మారిన రోజే రద్దు చేయకండి. ఫైనల్ బిల్లు దాని ద్వారా పోయిందని చూసుకున్నాకే ఆపండి. మొదట్లో సెక్యూరిటీ డిపాజిట్ కట్టి ఉంటే చివరి బిల్లు అందులోంచి తీసుకోమని, మిగిలింది తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, నంబరు మారిన నెల తర్వాత మీరే వెళ్లి ఫైనల్ బిల్లు అడగడం. బిల్లు రాలేదంటే బాకీ లేదని కాదు, మీకు అందలేదనే అర్థం చేసుకోవాలి. కట్టాక బాకీ లేదని ఒక ఈ-మెయిల్ గానీ కాగితం గానీ తీసుకోండి. దాన్ని కనీసం ఒక ఏడాది ఉంచండి. కుటుంబ ప్లాన్‌లోని ఒక నంబరును మాత్రమే బయటికి తీసుకెళ్తుంటే, ఆ నంబరు పేరున బిల్లు విడిగా వస్తుందా, ప్రధాన నంబరు బిల్లులో కలుస్తుందా అనేది ముందే తేల్చుకోండి.

ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఫోన్ వ్యవహారాలను హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో చూసుకునే పిల్లలకు ఒక మాట. తక్కువ ధర ప్లాన్ చూసి వాళ్ల నంబరు మార్పిస్తే పని అయిపోయిందని అనుకోకండి. నెల తర్వాత పాత కంపెనీ చివరి బిల్లు ఎంతో కనుక్కుని, పైసలతో సహా కట్టి, ఆ రసీదు మీ దగ్గర ఒకటి, వాళ్ల దగ్గర ఒకటి ఉంచండి. అప్పుడే నంబరు మార్పు పూర్తయినట్టు.